ఈ నెల స్కోరు తగ్గింది... నిజంగా తగ్గిందా?

ద్విచక్ర వాహనాన్ని సర్వీసింగ్‌కు ఇచ్చి తెచ్చుకున్న రెండు మూడు రోజులకు ఫోను రావడం ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ మామూలైపోయింది. "సర్వీసు ఎలా ఉందండీ? అయిదుకు ఎన్ని మార్కులు ఇస్తారు?" అని అడుగుతారు. నాలుగు గానీ అయిదు గానీ ఇచ్చినవారిని సంతృప్తి చెందిన వినియోగదారులుగా లెక్కిస్తారు. నూటికి ఎంతమంది అలా చెప్పారన్నదే ఆ నెల సంతృప్తి స్కోరు. చాలాచోట్ల సర్వీస్ అడ్వైజర్ల, మెకానిక్‌ల ఇన్సెంటివ్ ఆ అంకెతో ముడిపడి ఉంటుంది. బండి తాళం చేతికిస్తూ "ఫోను వస్తే అయిదు చెప్పండి సార్" అని బతిమాలడం అందుకే.

అంత బరువు మోసే అంకెను చాలామంది చూసే పద్ధతి మాత్రం ఒక్కటే. పోయిన నెల ఎంత? ఈ నెల ఎంత? పెరిగితే మెచ్చుకోలు, తగ్గితే మందలింపు. ఈ పద్ధతిలో రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఏమీ జరగని నెలలో కారణం వెతికి ఎవరినో బాధ్యులను చేయడం మొదటిది. నిజంగా సేవ దిగజారుతున్నప్పుడు దాన్ని గుర్తించకపోవడం రెండోది. ఈ రెండింటి నుంచీ కాపాడే సాధనం రన్ చార్ట్. గీయడానికి గళ్ల కాగితం, పెన్సిలు చాలు.

సెప్టెంబరులో ఏం జరిగింది?

ఒక జిల్లా కేంద్రంలో ద్విచక్ర వాహనాల సర్వీస్ సెంటర్ ఉందనుకుందాం. ఈ కేంద్రం ఊహించినదే, అంకెలు లెక్క చూపడానికి తీసుకున్నవే. అక్కడ ప్రతి నెలా సర్వీసింగ్ చేయించుకున్నవారి జాబితా నుంచి ఎవరి ప్రమేయమూ లేకుండా పేర్లు తీసి, 100 మంది జవాబులు వచ్చేదాకా ఫోను చేస్తారు. మొదటి ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి వరకు వచ్చిన స్కోర్లు వరుసగా ఇవి: 83, 85, 81, 84, 84, 76, 82, 86, 81, 80, 83, 79.

ఆగస్టులో 84 ఉన్న స్కోరు సెప్టెంబరులో 76కు పడిపోయింది. ఒక్క నెలలో ఎనిమిది పాయింట్లు! యజమాని అందరినీ పిలిచి గట్టిగా మాట్లాడారు, ఆ నెల ఇన్సెంటివ్ ఆపేశారు. అక్టోబరులో స్కోరు 82కు, నవంబరులో 86కు చేరింది. "గట్టిగా చెప్తే గానీ పని జరగదు" అన్న నమ్మకం ఆయనలో స్థిరపడింది.

ఆ ఎనిమిది పాయింట్ల అర్థం తెలియాలంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. సేవలో రవ్వంత మార్పు కూడా లేకపోతే స్కోరు ఎంత ఊగుతుంది? కేంద్రానికి వచ్చేవారిలో నిజంగా నూటికి 82 మంది తృప్తిగా ఉన్నారనుకుందాం. వారిలోంచి 100 మందికి ఫోను చేస్తే ప్రతిసారీ సరిగ్గా 82 రాదు. ఒక నెల తృప్తిగా ఉన్నవారు నలుగురు ఎక్కువ తగలవచ్చు, ఇంకో నెల అయిదుగురు తక్కువ తగలవచ్చు. ఈ ఊగును గణాంక శాస్త్రంలో ప్రామాణిక దోషం అంటారు. దాని లెక్క ఇది:

```
√(0.82 × 0.18 ÷ 100) = 0.038
```

అంటే దాదాపు 4 పాయింట్లు. ఇరవై నెలల్లో పందొమ్మిది నెలలు స్కోరు దీనికి రెట్టింపు దూరంలోనే ఉంటుంది. అంటే 82కు అటూ ఇటూ 8 పాయింట్లు, 74 నుంచి 90 మధ్య. పన్నెండు నెలల స్కోర్లలో ఒక్కటి కూడా ఈ హద్దు దాటలేదు. సెప్టెంబరు నాటి 76 కూడా లోపలే ఉంది. మెకానిక్‌లు తమ పని తాము ఎప్పటిలాగే చేసుకుపోయినా ఆ అంకె వచ్చి ఉండేది.

మరి మందలింపు తరవాత స్కోరు ఎందుకు పెరిగింది? బాగా తక్కువ వచ్చిన నెల తరవాత మామూలు నెల రావడమే ఎక్కువ సంభావ్యం కాబట్టి. పాచికల్లో ఒకటి పడ్డాక మళ్లీ వేస్తే అంతకంటే పెద్ద అంకె పడటానికి ఆరింట అయిదు వంతుల అవకాశం ఉంటుంది. పాచికను తిట్టినా ఉంటుంది, తిట్టకపోయినా ఉంటుంది. స్కోరు బాగా పడినప్పుడే మందలించే యజమానికి ప్రతి మందలింపూ ఫలించినట్టే కనిపిస్తుంది. బాగా పెరిగినప్పుడే మెచ్చుకుంటే ప్రతి మెచ్చుకోలూ చెడు చేసినట్టు కనిపిస్తుంది.

ఈ ఊగు అడిగినవారి సంఖ్యను బట్టి మారుతుంది. 25 మందినే అడిగితే ప్రామాణిక దోషం దాదాపు 8 పాయింట్లు, 400 మందిని అడిగితే 2 పాయింట్లు. సగం ఊగు తగ్గాలంటే నాలుగు రెట్ల మందిని అడగాలి. అందుకే ఎంతమంది జవాబిచ్చారో చెప్పని స్కోరును వేరే నెల స్కోరుతో పోల్చడం కుదరదు.

గీయడం ఎలా?

రన్ చార్ట్ అంటే కాలక్రమంలో పెట్టిన చుక్కలు, వాటి మధ్యలో ఒక అడ్డగీత. కింది గీత మీద నెలలు, నిలువు గీత మీద స్కోరు ఉంటాయి. ప్రతి నెలకు ఒక చుక్క పెట్టి చుక్కలను కలుపుతారు. అడ్డగీత సగటు కాదు, మధ్యగతం. స్కోర్లను చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చినప్పుడు సరిగ్గా మధ్యలో నిలిచే విలువ ఇది. ఒక నెల అంకె మరీ విపరీతంగా ఉన్నా సగటు జరిగినంతగా మధ్యగతం జరగదు.

ఈ కేంద్రం పన్నెండు స్కోర్లను పేరిస్తే 76, 79, 80, 81, 81, 82, 83, 83, 84, 84, 85, 86 అవుతాయి. మధ్యలో ఉన్న రెండు 82, 83. వాటి నడిమి విలువ 82.5. గీత అక్కడ పడుతుంది. ఆరు చుక్కలు పైన, ఆరు కింద ఉంటాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కొత్త నెల అంకె రాగానే మధ్యగతాన్ని మళ్లీ లెక్క కడతారు. స్కోరు నెమ్మదిగా జారుతుంటే గీత కూడా దాని వెంటే కిందకు జారిపోతుంది. చుక్కలు ఎప్పుడూ గీత చుట్టూనే ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే మొదటి పన్నెండు నెలల మధ్యగతాన్ని స్థిరపరచి, అదే గీతను ముందుకు పొడిగించాలి. మార్పు నిజమని తేలేదాకా గీతను కదపకూడదు.

నాణెం చెప్పే తీర్పు

మధ్యగతం గీత ఒక సౌకర్యం ఇస్తుంది. సేవలో మార్పేమీ లేకపోతే కొత్త చుక్క గీతకు పైన పడటానికీ కింద పడటానికీ అవకాశాలు దాదాపు సమానం, నాణెంలో బొమ్మ, బొరుసు లాగే. కాబట్టి వరుసగా ఎన్ని చుక్కలు ఒకే వైపు ఉన్నాయో లెక్కపెడితే చాలు. ఇలా గీతకు ఒకే వైపున వరుసగా నిలిచిన చుక్కల గుంపునే 'రన్' అంటారు. సరిగ్గా గీత మీద పడిన చుక్కను లెక్కలోకి తీసుకోరు. అది వరుసను పెంచదు, తెంచదు.

ఆరోగ్య సేవల నాణ్యతను పరిశీలించేవారు విరివిగా వాడే నియమం ప్రకారం వరుసగా ఆరు లేదా అంతకంటే ఎక్కువ చుక్కలు గీతకు ఒకే వైపు ఉంటే దాన్ని మార్పుకు సంకేతంగా తీసుకుంటారు. ఏవైనా ఆరు నెలలు తీసుకుంటే అన్నీ ఒకే వైపు పడే అవకాశం 32లో ఒకటి మాత్రమే.

"వరుసగా మూడు నెలలు తగ్గుతూ వచ్చింది" అన్నది సమావేశాల్లో తరచూ వినిపించే మాట. ఏ సంబంధమూ లేని మూడు వేర్వేరు అంకెలను ఆరు రకాలుగా పేర్చవచ్చు. అందులో ఒకటి పెద్దదాని నుంచి చిన్నదానికి దిగే వరుస. అంటే మూడు నెలల జారుడు ఊరికే రావడానికి ఆరింట ఒక వంతు అవకాశం ఉంది. అయిదు నెలలు వరుసగా దిగితే ఆ అవకాశం 120లో ఒకటికి పడిపోతుంది. అందుకే దిగుడును సంకేతంగా లెక్కించాలంటే కనీసం అయిదు చుక్కలు కావాలంటారు.

సహజమైన ఊగును, కారణమున్న మార్పును విడదీసి చూడాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ 1924 మే 16న తన పై అధికారికి పంపిన చిన్న నివేదికలో తొలి కంట్రోల్ చార్ట్‌ను గీసి చూపించారు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆహ్వానంపై 1947-48లో ఆయన భారతదేశానికి వచ్చారు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆ తరవాత పారిశ్రామిక నగరాల్లో నాణ్యతా నియంత్రణ విభాగాలను నెలకొల్పింది. హైదరాబాద్‌లోనూ అలాంటి విభాగం ఉంది. కంట్రోల్ చార్ట్‌తో పోలిస్తే రన్ చార్ట్ సరళమైనది. పై హద్దు, కింది హద్దు అక్కర్లేదు, మధ్యగీత చాలు.

ఎవరూ గమనించని ఏడాది

ఇక సర్వీస్ సెంటర్ రెండో ఏడాది స్కోర్లు చూద్దాం. ఏప్రిల్‌లో 84, మేలో 83. జూన్ నుంచి నవంబరు వరకు వరుసగా 79, 77, 79, 77, 78, 77.

ఈ అంకెలు యజమానిని కలవరపెట్టలేదు. ఒక్క నెల కూడా కిందటి సెప్టెంబరు అంతగా పడిపోలేదు. ఒక నెల నుంచి ఇంకో నెలకు వచ్చిన అతిపెద్ద తరుగు నాలుగు పాయింట్లే. జులైలో రెండు తగ్గితే ఆగస్టులో రెండు పెరిగాయి. "కాస్త అటూ ఇటూ, మామూలే" అన్నది అందరి మాట.

రన్ చార్ట్ మీద ఇదే బొమ్మ వేరుగా కనిపిస్తుంది. 82.5 గీత కింద ఆరు చుక్కలు, ఒక్కటీ పైకి రాలేదు. మొదటి ఏడాదిలో గీతకు ఒకే వైపున వరుసగా ఉన్న చుక్కలు ఎప్పుడూ రెండుకు మించలేదు. సెప్టెంబరు నాటి లోతైన గుంట ఏమీ చెప్పలేదు. ఈ నిస్సారమైన పల్లం మాత్రం చెబుతోంది. తరుగు ఎంత పెద్దది అన్నదానికంటే ఎంతకాలం నిలిచింది అన్నదే ఇక్కడ సాక్ష్యం.

అయితే ఆరు అన్న నియమాన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఒక నాణేన్ని 20 సార్లు ఎగరేస్తే, ఎక్కడో ఒకచోట వరుసగా ఆరు ఒకే వైపు పడే అవకాశం దాదాపు 24 శాతం. నెలల తరబడి చార్టును చూస్తూ ఉంటే సేవలో మార్పు లేకపోయినా అప్పుడప్పుడూ ఇలాంటి వరుస కనిపిస్తుందన్నమాట. వరుసగా ఎనిమిది కావాలని నియమం పెడితే ఆ అవకాశం సుమారు 5 శాతానికి తగ్గుతుంది. కానీ నిజమైన మార్పును పట్టుకోవడానికి ఇంకో రెండు నెలలు ఆగాలి. తప్పుడు హెచ్చరిక వల్ల నష్టం ఎక్కువా, ఆలస్యం వల్ల నష్టం ఎక్కువా అన్నదాన్ని బట్టి ఆరో ఎనిమిదో ఎంచుకోవాలి. ఆ ఎంపిక అంకెలు రాకముందే జరగాలి. అంకెలు చూశాక నియమం ఎంచుకుంటే కావలసిన జవాబే వస్తుంది.

ఆరు చుక్కల సంకేతం అందాక దాన్ని సరిచూసుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. నెలలను కలిపేయడమే. జూన్ నుంచి నవంబరు దాకా 600 మందిని అడిగితే 467 మంది తృప్తిగా ఉన్నారు. ఇది దాదాపు 78 శాతం. మొదటి ఏడాది మొత్తం 1,200 మందిలో 984 మంది, అంటే 82 శాతం. తేడా 4 పాయింట్లు. ఇంతమందిని అడిగినప్పుడు ఈ తేడాకు ఉండే సహజమైన ఊగు దాదాపు 2 పాయింట్లే. వచ్చిన తేడా దానికి రెట్టింపు. తిరుగులేని రుజువు కాదు గానీ, కారణం వెతకడం మొదలుపెట్టడానికి సరిపడా ఆధారం.

ముందు కొలబద్దను చూడాలి

కారణం కోసం వర్క్‌షాపులోకి వెళ్లేముందు ఇంకో అనుమానం తీర్చుకోవాలి. మారింది సేవా, కొలిచే తీరా? అడిగే ప్రశ్న మారినా, ఫోనుకు బదులు మెసేజ్ లింకు పంపినా, మూడో రోజు చేసే ఫోను పదో రోజున చేసినా స్కోరు జరిగిపోతుంది. చార్టులో అది సేవ దిగజారినట్టే కనిపిస్తుంది.

వీటికంటే కనిపెట్టడం కష్టమైనది జవాబిచ్చేవారి కలయికలో మార్పు. కొత్త బండ్లకు ఉచిత సర్వీసు ఉంటుంది, పాత బండ్లకు డబ్బు కట్టాలి. ఉచిత సర్వీసు చేయించుకున్నవారిలో 88 శాతం, డబ్బు కట్టినవారిలో 73 శాతం తృప్తిగా ఉన్నారనుకుందాం. ఫోనుకు దొరికిన 100 మందిలో 60 మంది మొదటి రకం, 40 మంది రెండో రకం అయితే స్కోరు 82 వస్తుంది. అదే 40, 60గా తిరగబడితే స్కోరు 79కి దిగుతుంది. కొత్త బండ్ల వారి తృప్తి తగ్గలేదు, పాత బండ్ల వారి తృప్తీ తగ్గలేదు. అయినా మూడు పాయింట్లు పోయాయి. కొత్త బండ్ల అమ్మకాలు మందగించినా ఇలా జరగవచ్చు.

దీన్ని పట్టుకోవాలంటే రెండు రకాల వారికి రెండు వేర్వేరు చార్టులు గీయాలి. రెండింటిలోనూ చుక్కలు గీత చుట్టూనే తిరుగుతూ, కలిపిన చార్టులోనే పల్లం కనిపిస్తే మారింది కలయికే. ఈ కేంద్రంలో అలా జరగలేదు. జవాబిచ్చినవారి పాళ్లు దాదాపు మారలేదు, పల్లం రెండు చార్టుల్లోనూ కనిపించింది.

చార్టు మరీ నిశ్చలంగా ఉన్నా అనుమానించాల్సిందే. 100 మందిని అడిగే చోట స్కోరు ఏడాదంతా 82, 83 మధ్యే నిలిచిందంటే అది గొప్ప స్థిరత్వం కాదు. ఇందాకటి లెక్క ప్రకారం అది 4 పాయింట్ల మేర ఊగాలి. ఊగకపోతే ఎవరికి ఫోను చేయాలో ఎవరో ఎంచుతున్నారేమో, జవాబులను ఎవరో సర్దుతున్నారేమో చూడాలి. మార్కులను ఇన్సెంటివ్‌తో ముడిపెట్టిన చోట ఈ ప్రమాదం ఎక్కువ.

జూన్‌లో ఏం మారింది?

ఇప్పుడు చార్టు మరో సాయం చేస్తుంది. వరుస ఎక్కడ మొదలైందో చూపిస్తుంది. సెప్టెంబరు పల్లానికి కారణం అడిగినప్పుడు ఎవరికి తోచింది వారు చెప్పారు. ఒకరు వర్షాలన్నారు, ఇంకొకరు కొత్త కుర్రాడన్నారు. ఈసారి వెతకాల్సిన ప్రశ్నకు ఒక తేదీ ఉంది. జూన్ మొదట్లో, లేదా దానికి కాస్త ముందు ఏం మారింది?

తక్కువ మార్కులు ఇచ్చినవారు చెప్పిన కారణాలను విడదీస్తే "చెప్పిన రోజుకు బండి ఇవ్వలేదు" అన్న మాట జూన్ నుంచి ఎక్కువైంది. జాబ్ కార్డుల్లో ఇస్తామన్న తేదీని, ఇచ్చిన తేదీని పోల్చితే విషయం బయటపడింది. అంతకుముందు రోజూ వచ్చే విడిభాగాల వాహనాన్ని ఖర్చు తగ్గించడానికి మే నెలాఖరు నుంచి వారానికి రెండుసార్లకు కుదించారు. క్లచ్ ప్లేట్లో బ్రేక్ షూలో నిల్వ అయిపోతే బండి రెండు రోజులు ఆగిపోతోంది. కోత పడింది మెకానిక్‌ల ఇన్సెంటివ్‌కు, నిర్ణయం మాత్రం వారిది కాదు.

డిసెంబరులో స్కోరు 78. జనవరి నుంచి విడిభాగాలు మళ్లీ రోజూ రావడం మొదలైంది. చార్టు మీద ఆ నెల దగ్గర చిన్న గీత గీసి "సరఫరా రోజూ" అని రాశారు. తరవాతి మూడు నెలల స్కోర్లు 80, 84, 83.

సమస్య తీరిందా? అదే కొలతతో కొలవాలి. జూన్ నుంచి డిసెంబరు వరకు ఏడు నెలల మధ్యగతం 78. కొత్త చుక్కలు మూడూ దాని పైనే ఉన్నాయి. కానీ మూడు నాణేలు ఎగరేస్తే మూడూ బొమ్మే పడటానికి ఎనిమిదింట ఒక వంతు అవకాశం ఉంది. ఫిబ్రవరిలో వచ్చిన 84ను చూసి సంబరపడటం, కిందటి సెప్టెంబరు నాటి 76ను చూసి కోప్పడటం లాంటిదే. జూన్ దాకా ఆరు చుక్కలూ 78 గీత పైనే నిలిస్తే అప్పుడు మార్పు నిలబడిందని నమ్మవచ్చు, కొత్త మధ్యగతాన్ని గీయవచ్చు. ఈలోగా వచ్చిన వాహనాల్లో ఎన్నిటిని చెప్పిన రోజుకే ఇచ్చారో జాబ్ కార్డుల నుంచి వారం వారం లెక్కపెట్టి పక్కనే ఇంకో రన్ చార్ట్ గీస్తే జవాబు త్వరగా తెలుస్తుంది. దానికి వంద మందికి ఫోను చేసే పని లేదు, ప్రతి బండీ లెక్కలోకి వస్తుంది, నెలకు ఒక చుక్కకు బదులు నాలుగు చుక్కలు పడతాయి.